ఫీజు కట్టక ఆగిపోయిన పేటెంట్ వాడుకోవచ్చా?

మాది హైదరాబాద్. సీతాఫలం గుజ్జు ఫ్రీజ్ చేసి ఐస్‌క్రీమ్ వాళ్లకి అమ్మాలని చూస్తున్నాను. ఈ గుజ్జుతో చిక్కేంటంటే గాలి తగిలితే నల్లబడుతుంది, పోనీ అని వేడి చేస్తే చేదెక్కుతుంది. దీని మీద పేపర్లు చాలానే ఉన్నాయి, కానీ దాదాపు అన్నీ ల్యాబ్‌లో కాస్త గుజ్జుతో చేసినవే, క్వింటాళ్లలో చేస్తే ఏమవుతుందో ఎవరూ రాయలేదు.

వెతుకుతుంటే ఇండియన్ పేటెంట్ల సెర్చ్ సైట్ InPASS లో వేడి చేయకుండా రంగు నిలబెట్టే పద్ధతికి ఓ ఇండియన్ పేటెంట్ దొరికింది. రెన్యూవల్ ఫీజు కట్టక ఏడాది కిందటే ఆగిపోయింది. పేటెంట్ వాడకం గురించి ఓనర్లు ఇచ్చే ఫారం 27 తీసి చూస్తే అసలు వాడకంలోకే రాలేదని వాళ్లే రాశారు. కానీ పేటెంట్ చట్టం సెక్షన్ 60 ప్రకారం ఆగిపోయిన రోజు నుంచి 18 నెలల్లోపు వాళ్లు మళ్లీ బతికించమని అడగొచ్చు కదా, నా టెన్షన్ అదే. ఈలోపు మొదలుపెట్టినవాళ్లకి సెక్షన్ 62 రక్షణ ఉందంటారు, అయితే మొదలుపెట్టామని చూపించడానికి మెషీన్ కొన్న బిల్లు చాలా, సరుకు అమ్మి ఉండాలా?

ఇంకోటి, అదే పద్ధతిని కాస్త మార్చి వాళ్లే వేరే పేటెంట్ వేసుంటే? ఇన్వెంటర్ పేర్లతో, పండ్లు కూరగాయలు నిల్వ చేసే పద్ధతుల A23B 7 క్లాసులో వెతికాను, ఏమీ కనబడలేదు. కొత్త అప్లికేషన్లు 18 నెలల దాకా బయటికి రావు కాబట్టి నమ్మకం కుదరట్లేదు. ఇలా ఆగిపోయిన పేటెంట్‌తో నిజంగా సరుకు తీసినవాళ్లు ఉంటే, ఆ 18 నెలలు ఆగారా, ముందే దిగారా, దయచేసి చెప్పండి. సీజన్ దగ్గరపడుతోంది.