పులాకం: మెతుకా, తాలా?

పలకాబలపం:
రెండు రోజులుగా ఒక వాక్యం నోట్లో నలుగుతోంది, పూర్తిగా రావడం లేదు. "... హ్యేకః పులాకః స్థాల్యా ..." ఆ తరవాత ఏదో "నాయ" అని ముగుస్తుంది. ఒక్క మెతుకు పట్టి చూస్తే కుండలో అన్నమంతా తెలిసిపోతుందనే స్థాలీపులాక న్యాయమే, కానీ నాకు న్యాయం పేరు కాదు, ఆ వాక్యం కావాలి. మా హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలతో సాంఖ్యక శాస్త్రం పాఠానికి హోంవర్క్ మీద చిన్న సర్వే చేయిస్తున్నాను. చార్టు మీద పైన ఈ వాక్యం, కింద మా ప్రణాళిక. ప్రస్తుతానికి ఇలా రాసుకున్నాం: "ప్రాక్కల్పన: మన తరగతికి హోంవర్క్ ఎక్కువగా ఉంది. ప్రతిచయనం: 90 మందిలో చేతులెత్తిన 30 మంది." తప్పులుంటే దిద్దండి.

కోశపాఠి:
పతంజలి మహాభాష్యంలోది. "పర్యాప్తో హ్యేకః పులాకః స్థాల్యా నిదర్శనాయ." స్థాల్యా దగ్గర విసర్గ లేదని తృతీయ అనుకునేరు. అది షష్ఠే. స్థాల్యాః అన్నది, తరవాత నకారం వచ్చింది కాబట్టి విసర్గ పోయింది. చార్టు మీద విసర్గ పెట్టి రాస్తే చూసినవాళ్ళు నవ్వుతారు.

పల్నాటి జొన్న:
విసర్గ సంగతి సరే. అసలు పులాకం అంటే మెతుకని ఎవరన్నారు? తాలుగింజ. గింజ నిండని పొల్లు. అమరకోశం మొదట చెప్పేది తుచ్ఛధాన్యమనే.

కోశపాఠి:
అమరం అక్కడ ఆగలేదు కదండీ. తుచ్ఛధాన్యం, సంక్షేపం, భక్తసిక్థకం, మూడూ చెప్పాడు. భక్తసిక్థకం అంటే అన్నపు మెతుకే. కుండతో పాటు వచ్చినప్పుడు మూడోదే పట్టాలి. తాలుని ఎసట్లో ఎవరు వేస్తారు?

పల్నాటి జొన్న:
వేయరు. చెరిగినా మిగిలి వస్తాయి. కడిగేటప్పుడు పైకి తేలేవి అవే. చేతికి ముందు తగిలేవీ అవే. పొల్లుగింజ పట్టి చూసి అన్నం ఉడికిందన్నవాడి మీద వేసిన ఎత్తిపొడుపు ఇది అని నా నమ్మకం.

కోశపాఠి:
పతంజలి "పర్యాప్తః" అన్నాడు, చాలు అని. ఎత్తిపొడుపుకి ఆ మాటలో చోటెక్కడ?

నైరుతిమూల:
జొన్న గారి వ్యుత్పత్తి ఎలా ఉన్నా, ఆయన మాట మాస్టారి ప్రణాళికకి మాత్రం సూటిగా తగులుతుంది. చేతులెత్తిన ముప్పై మందీ పైకి తేలినవాళ్ళే. హోంవర్క్ పూర్తి చేసినవాడు ఎత్తుతాడు, లేదా హోంవర్క్ మీద కోపంగా ఉన్నవాడు ఎత్తుతాడు. మధ్యలో మునిగి ఉన్నవాడు ఎత్తడు.

నేను గణాంక శాఖలో పంటకోత ప్రయోగాలు చేసి రిటైరయ్యాను. వరి మడి దగ్గరికి వెళ్ళగానే రైతు "ఇక్కడ కొయ్యండి సార్" అని చూపిస్తాడు. ఒక్కోసారి బాగా పండిన చోటు, బీమా డబ్బు రావాలంటే పండని చోటు. అందుకే మేము నైరుతి మూలన నిలబడి, యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం పొడవునా ఇన్ని అడుగులు, వెడల్పునా ఇన్ని అడుగులు వేసి, ఆగిన చోట అయిదు మీటర్లకి అయిదు మీటర్లు తాడు కట్టి కోసేవాళ్ళం. చోటు ఎంచే పని రైతుకీ ఉండకూడదు, నాకూ ఉండకూడదు. మీ పిల్లల ఎంపికా అంతే, వాళ్ళ చేతుల్లోనూ ఉండకూడదు, మీ చేతుల్లోనూ ఉండకూడదు.

వంటింటి కిటికీ:
మా పాపకి రోజూ మూడు గంటలు హోంవర్కండీ. ఏడో తరగతి. ట్యూషన్‌లో గంటన్నర, ఇంటికొచ్చాక మళ్ళీ. దీనికి సర్వేలెందుకు, స్కూలువాళ్ళకి గట్టిగా చెప్పండి మాస్టారూ.

పలకాబలపం:
అమ్మా, మాది సర్కారు బడి, మీ పాప బడి కాదు :) కానీ ట్యూషన్‌లో చేసే హోంవర్క్ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది మేము ఆలోచించనే లేదు. రాసుకున్నాను.

నైరుతి గారూ, లాటరీ తీస్తాం. ముప్పై మంది చాలా? ఎక్కడో పది శాతం అని చదివాను.

శతకప్రియ:
పది శాతమే నియమం. 90కి 9 మంది చాలు. పతంజలికి ఒక్కటే చాలింది, మీకు తొమ్మిది ఎక్కువే.

నైరుతిమూల:
పది శాతం లెక్క పట్టుకుంటే 90 మందికి తొమ్మిది, తొమ్మిది వేల మందికి తొమ్మిది వందలు. రెండూ తప్పుదారే. సాంబారు చిన్న గిన్నెలో ఉన్నా గుండిగలో ఉన్నా ఉప్పు చూడ్డానికి ఒకే గరిటె. బాగా కలిపారా లేదా అన్నదే ప్రశ్న. గిన్నె మరీ చిన్నదైతే గరిటెతోనే సగం అయిపోతుంది కాబట్టి కొంచెం మేలు, అంతే. పిల్లల జవాబులు ఒకరికొకరికి ఎంత తేడాగా ఉన్నాయో దాన్ని బట్టి ఎంతమంది కావాలో తేలుతుంది. ముందు ఓ ఏడెనిమిది మందిని ఊరికే అడిగి చూడండి.

వంటింటి కిటికీ:
ఒక్క మెతుకు కుక్కర్ అన్నానికి సరిపోతుంది. కట్టెల పొయ్యి మీద పెద్ద గుండిగలో పైన పలుకు, అడుగున మాడు. మా అమ్మమ్మ పైనా కిందా మధ్యలోనూ మూడు చోట్ల పట్టి చూసేది.

నైరుతిమూల:
అమ్మా, మా శాఖలో దీనికి శిక్షణ తరగతి పెట్టేవారు. మీ అమ్మమ్మగారు పొయ్యి దగ్గరే నేర్చుకున్నారు. మాస్టారూ, మీ గుండిగలో పైనా కిందా ఏమిటో చెప్పండి.

పలకాబలపం:
రెండు సెక్షన్లు. ఎ లో 48, బి లో 42. ఎ సెక్షన్ లెక్కల టీచర్‌ని నేనే, కాస్త ఎక్కువ ఇస్తాను, ఒప్పుకుంటున్నాను. బి లో పన్నెండు మంది వసతి గృహం పిల్లలు. వాళ్ళకి సాయంత్రం స్టడీ అవర్ తప్పనిసరి.

పొద్దున ఎనిమిది మందిని అడిగాను. నిమిషాల్లో: 30, 40, 45, 60, 60, 75, 90, 120.

నైరుతిమూల:
సగటు 65. చెదరటం, అంటే ప్రామాణిక విచలనం, 29 దాటింది. 90లో 30 మందిని లాటరీతో తీస్తే మీకు వచ్చే సగటు అసలు సగటుకి ఓ తొమ్మిది నిమిషాలు అటూ ఇటూ ఉండొచ్చు. శతకప్రియ గారి తొమ్మిది మందితో అయితే ఇరవై నిమిషాల దాకా పోతుంది. ముప్పై మంది ఉంచండి.

రెండు సెక్షన్లకీ మూడో వంతు చొప్పున ఎ నుంచి 16, బి నుంచి 14. హాజరు పట్టీ తీసుకోండి. 1, 2, 3 రాసిన చీటీల్లో ఒకటి ఎవరితోనైనా తీయించండి. రెండు వస్తే 2, 5, 8, 11 అలా ప్రతి మూడో నంబరూ. పట్టీలో మగపిల్లలు ముందు, ఆడపిల్లలు తరవాత ఉంటే ఈ పద్ధతిలో ఇద్దరూ వాటంతటవే సరిగ్గా వస్తారు. ఆ రోజు రానివాళ్ళని వదిలి పక్కవాణ్ణి అడగొద్దు. హోంవర్క్ చెయ్యని రోజే బడి ఎగ్గొట్టేవాడు ఉంటాడు, వాడి జవాబే మీకు కావాలి. మర్నాడు వచ్చాక అడగండి.

ఇంకోటి. జవాబులన్నీ గుండ్రటి అంకెలే చూశారా? పిల్లలు గడియారం చూడలేదు, అరగంట, గంట అనేశారు. "రోజుకి ఎంతసేపు?" అని అడక్కండి. "నిన్న సాయంత్రం ఎన్నింటికి మొదలెట్టావు, ఎన్నింటికి లేచావు, మధ్యలో ఎంతసేపు ఆగావు" అని అడగండి. నిన్న అన్నది బడి ఉన్న రోజు కావాలి. సోమవారం అడిగితే ఆదివారం వస్తుంది. పేరు రాయించొద్దు, లెక్కల మాస్టారే అడుగుతుంటే ఎ సెక్షన్‌లో ఎవడు నిజం చెబుతాడు?

పల్నాటి జొన్న:
గరిటెలు, మెతుకులు అంటుంటే మా శ్రీనాథుడు గుర్తురాక మానడు. పూతన విషం తాగాననీ, దావాగ్ని మింగాననీ నిక్కే కృష్ణుణ్ణి, చింతచిగురు వేసిన ఉడుకు బచ్చలికూరతో జొన్నకూడు "ఒక్క ముద్ద" మింగమన్నాడు, నీ పస కనిపిస్తుందని. ఆయనకి ముప్పై ముద్దలు అక్కర్లేదు!

కోశపాఠి:
అక్కడ పరీక్ష కూటికి కాదు, కృష్ణుడికి. ఒక్క ముద్దకే పడిపోతాడని కవి ముందే తేల్చుకుని కూర్చున్నాడు. పులాకం కథ అది కాదు.

పల్నాటి జొన్న:
ముందే తేల్చుకోవడమేగా ప్రాక్కల్పన.

శతకప్రియ:
ప్రాక్కల్పన కాదు, ప్రాకల్పన. ప్ర, ఆకల్పన. కకారానికి ద్విత్వం అక్కర్లేదు.

కోశపాఠి:
అలా విడగొడితే అందులో "ముందు" అన్న అర్థం ఎక్కడ మిగిలింది? ప్రాక్ అంటే ముందు. ఆ మాట ప్రాణమంతా ఆ క్కలోనే ఉంది. గొడవ వద్దనుకుంటే పరికల్పన అనండి, శూన్య పరికల్పన అన్నది ఎటూ పుస్తకాల్లో ఉంది.

నైరుతిమూల:
నా ఓటు క్కకే. జవాబులు చేతికి రాకముందే రాసి, తేదీ వేసి, గోడకి అంటించాలి. తరవాత రాసింది కథనమే అవుతుంది.

కానీ మాస్టారూ, మీ వాక్యంలో క్క కంటే పెద్ద చిక్కు "ఎక్కువ". కంటే లేని ఎక్కువ అది. దేనికంటే? 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి రోజుకి గంట మించొద్దని ఉంది, దాన్నే గీతగా పెట్టుకోండి.

పలకాబలపం:
ఇలా మార్చాను: "8వ తరగతి పిల్లలు బడి ఉన్న రోజున, ఇంట్లోగానీ ట్యూషన్‌లోగానీ వసతి గృహంలోగానీ, బడిలో ఇచ్చిన రాతపని మీద పెట్టే సగటు సమయం 60 నిమిషాల కంటే ఎక్కువ." దీనికి ఎదురు శూన్య పరికల్పన: 60 మించదు. స్టడీ అవర్‌లో చదువుకున్నది కాదు, ఇచ్చిన రాతపని మాత్రమే.

సగటు 65 వస్తే గెలిచినట్టేనా?

నైరుతిమూల:
కాదు. తొమ్మిది అటూ ఇటూ అన్నాం కదా, 56 కూడా కావచ్చు. 72 వస్తే ధైర్యంగా చెప్పొచ్చు. 65 వస్తే "తేల్చలేకపోయాం" అని చార్టు మీద రాయించండి. పిల్లలకి అది రాయడమే కష్టం. అప్పుడు ఇంకో పదిమందిని అడుగుదాం సార్ అంటారు. ఒప్పుకోవద్దు.

వంటింటి కిటికీ:
మా పాపవి మూడు గంటలు అందులో కలుస్తాయా?

పల్నాటి జొన్న:
పులాకం నుంచే పులావు వచ్చిందని ఎవరైనా ఒప్పుకుంటారా?

కోశపాఠి:
పర్షియావాళ్ళని అడగండి.

పలకాబలపం:
చీటీ తీయించాను. రెండు వచ్చింది. ఎ సెక్షన్‌లో 23వ నంబరు పిల్లాడు జూన్‌లోనే టీసీ తీసుకుని వెళ్ళిపోయాడు, పేరు మాత్రం పట్టీలో అలాగే ఉంది. 24ని అడగనా?

నైరుతిమూల:
వద్దు. పట్టీలోంచి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కొట్టేసి, వరస నంబర్లు కొత్తగా వేసి, చీటీ మళ్ళీ తీయించండి. తీశాక కాదు, తీయకముందే చేయాల్సిన పని అది.

పల్నాటి జొన్న:
పట్టీలో పేరుంది, లోపల పిల్లాడు లేడు. తాలుగింజ అనే అంటున్నాను నేను మొదట్నుంచీ.