వాట్సాప్‌లో డిలీట్ చేసిన కాల్ ఎంట్రీ మళ్లీ వస్తుందా? (ఆండ్రాయిడ్)

సుభాషిణి, కడప: సోమవారం (నవంబర్ 10) రాత్రి 7 గంటలకు కువైట్ నుంచి మా అబ్బి పనిచేసే చోటి సూపర్‌వైజర్ వీడియో కాల్ చేసినాడు. నంబర్ సేవ్ చేసుకోలేదు, మెసేజీలు ఏవీ లేవు. మంగళవారం పొద్దున 9కి కాల్స్ లిస్ట్ మొత్తం క్లియర్ చేసేసినాను. ఈరోజు గురువారం. ఆ నంబర్ దొరుకుతుందా? అసలు ఎన్నాళ్లు ఉంటాయి ఈ కాల్స్?

ఖాజా, ప్రొద్దుటూరు: భయపడాల్సిన పనిలేదక్కా. కంపెనీలు రెండేళ్ల రికార్డు ఉంచాలని 2021 డిసెంబర్‌లోనే రూల్ వచ్చింది. సిమ్ కంపెనీ వాళ్లనడిగితే సరి.

రామాంజులు, కడప: రూల్ నిజమే ఖాజా, కానీ అది సిమ్ మీద వచ్చే మామూలు కాల్స్ రికార్డు. వాట్సాప్ కాల్ వాళ్లకు డేటా వాడకంగానే కనిపిస్తుంది. ఎవరి నంబర్ నుంచి వచ్చిందో వాళ్ల బిల్లులో ఉండదు.

అక్కా, ఎన్నాళ్లన్న దానికి: ఇన్ని రోజుల తర్వాత కాల్స్ తుడిచెయ్యమని పెట్టుకునే సెట్టింగ్ అందులో లేదు. లిస్ట్ మన ఫోన్‌లోనే ఉంటుంది, మనమే తీసేస్తాం, లేదంటే బ్యాకప్ లేకుండా యాప్ మళ్లీ వేసినప్పుడు పోతుంది. ఫోన్ రాత్రి 2 గంటల ప్రాంతంలో రోజూ లోకల్ బ్యాకప్ తీస్తుంది, సుమారు వారం రోజులవి ఉంచుతుంది. మీ కాల్ సోమవారం రాత్రి వచ్చింది, మీరు చెరిపింది మంగళవారం పొద్దున. మధ్యలో 2 గంటల బ్యాకప్ ఒకటి దాటింది. అదే మీ అదృష్టం. అదే రోజు వచ్చి అదే రోజు చెరిపేసి ఉంటే ఏ ఫైల్‌లోనూ ఉండేది కాదు.

ఫైల్ మేనేజర్‌లో ఇక్కడ చూడండి:

```
Android/media/com.whatsapp/WhatsApp/Databases
msgstore-2025-11-11.1.db.crypt14
```

పేరులో తేదీతో పాటు ఫైల్ సవరించిన సమయం కూడా చూడండి, మంగళవారం తెల్లవారుజామునే ఉండాలి.

లక్ష్మి, అనంతపురం: మా తమ్ముడు ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారినాడు. చాట్లన్నీ వచ్చినాయి, కాల్స్ ఒక్కటీ రాలేదు. అది కూడా ఇట్లే తెచ్చుకోవచ్చా?

రామాంజులు: రాదమ్మా. ఆ మార్పిడిలో కాల్ హిస్టరీ రాదని వాట్సాప్ వాళ్లే చెప్తారు. పాత ఆండ్రాయిడ్ ఫోన్ చెరపకుండా ఉంటే దాంట్లోనే చూసుకోవాలి.

సుభాషిణక్కా, ఇక చెయ్యాల్సింది. ముందు Databases ఫోల్డర్ మొత్తం కంప్యూటర్‌కు కాపీ చేయండి. ఆ తర్వాతే Settings, Chats, Chat backup లో ఇప్పటి బ్యాకప్ తీసి, దాన్ని కూడా వేరే ఫోల్డర్‌లో కాపీ పెట్టుకోండి. ఈ రెండో కాపీ లేకుంటే మంగళవారం నుంచి వచ్చిన మెసేజీలు గోవిందా.

తర్వాత వాట్సాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేయండి, తెరవద్దు. కంప్యూటర్‌లోని మంగళవారం ఫైల్ పేరును msgstore.db.crypt14 అని మార్చి, ఫోన్‌లో అదే Databases చోటికి వేయండి. చివరి 14 అంకెను మాత్రం తాకొద్దు. అక్కడ ఏ అంకె ఉంటే అదే ఉండాలి. ఇప్పుడు యాప్ తెరిచి అదే నంబర్‌తో వెరిఫై చేయండి. గూగుల్ ఖాతా అనుమతి అడిగితే వద్దనండి, లేకుంటే డ్రైవ్‌లోని కొత్త బ్యాకప్ వచ్చి కూర్చుంటుంది. అది చెరిపిన తర్వాత తీసింది కాబట్టి పనికిరాదు.

లిస్ట్‌లో +965 తో మొదలయ్యే నంబర్ కనిపిస్తే రాసుకుని, మళ్లీ ఇదే పద్ధతిలో ఇప్పటి బ్యాకప్ వేసుకోండి. మధ్యలో కొత్తగా వచ్చిన మెసేజీలు పోతాయి, అందుకే తొందరగా ముగించండి. అదే పనిగా వెరిఫికేషన్ కోడ్ అడుగుతుంటే కాసేపు ఆపేస్తుంది, ఆ జాగ్రత్త కూడా.

ఖాజా: ఇంత కష్టం దేనికి, ప్లే స్టోర్‌లో రికవరీ యాప్‌లు ఉండాయి కదన్నా?

రామాంజులు: రూట్ చేయని ఫోన్‌లో వాట్సాప్ సొంత డేటాబేస్‌ను వేరే యాప్ చదవలేదు. ఫైల్స్ అన్నీ చూసే అనుమతి మాత్రం తీసుకుంటాయి. అక్కకు ఇంకో దారి, ఆ సూపర్‌వైజర్ ఫోన్‌లో కాల్ ఉంటుంది, మనం చెరిపితే అతనిది పోదు. మీ అబ్బితో అడిగించండి, ఇదంతా లేకుండానే తేలిపోతుంది.

సుభాషిణి: వాడికి శుక్రవారమే సెలవు, అప్పుడే అడగాలి. ఫోల్డర్ చూసినాను అన్నా, మంగళవారం 2:01 ఫైల్ ఉంది. కానీ చివర crypt14 కాదు, crypt15 అని ఉంది.

రామాంజులు: అయితే మీ బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి ఉంటారు. పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ పెట్టింది ఎవరు? అది లేకుండా ఫైల్ తెరుచుకోదు. పాస్‌వర్డ్ చేతికి వచ్చేదాకా అన్‌ఇన్‌స్టాల్ జోలికి పోవద్దు.

సుభాషిణి: ఫోన్ కొన్నప్పుడు మా మరిది పెట్టినాడు. సాయంత్రం కనుక్కుంటా.