పొంగనాల పెనం: ర్యాంకు చూసి డిమాండ్ నిలకడగా ఉందని ఎలా తేల్చాలి?

అందరికీ నమస్తే. అమెజాన్‌లో ఇనుప గుంతపొంగనాల పెనాలు అమ్ముదామని చూస్తున్నాను. మొదటి సరుకు 100 పెనాలు, పెట్టుబడి 60 వేలు, అదీ ఇంట్లో దాచుకున్న డబ్బు.

గూగుల్ ట్రెండ్స్‌లో ఐదేళ్ల గ్రాఫ్ చూశాను. `paniyaram pan` ఒక్కటే చూస్తే గీత నిలకడగానే ఉంది. కానీ మహారాష్ట్రలో వెతికేది `appe pan` అని గుర్తొచ్చి రెండూ కలిపి పెడితే మొదటిది బాగా కిందికి పోయింది. అక్కడ 100 అంటే ఆ గ్రాఫ్‌లోని గరిష్ఠమే తప్ప ఎంతమంది వెతికారో కాదు కదా.

అందుకే 21 రోజులు రోజూ రాత్రి తొమ్మిదింటికి అమెజాన్‌లో వేరేవాళ్లు అమ్ముతున్న ఒక పెనం అమ్మకాల ర్యాంకు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఉపవర్గంలో 90 నుంచి 140 మధ్య తిరిగింది. ధర 699 నుంచి 449కి దించిన రెండు రోజులు మాత్రం 12కి వచ్చి, మళ్లీ 130కి పోయింది.

ఆ రెండు రోజులు తీసేసి లెక్క వేయాలా? పండగ నెలలు కూడా కలిసేలా ఎన్నాళ్లు చూడాలి? మొదటి పేజీలో నాలుగు పెనాలకు 50 రివ్యూలు కూడా లేవు. అది పోటీ తక్కువనా, కొనేవాళ్లే తక్కువనా? అమ్మిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.