‘విత్ మి’ అంటే ‘నన్నుతో’ ఎందుకు కాదు?

దేవరకొండ ట్యూషన్:
సాయంత్రం ఆరో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ సర్వనామాలు చెప్తున్న. బోర్డు మీద ఒక దిక్కు ఐ, మి, మై అని, ఇంకో దిక్కు నేను, నన్ను, నా అని రాసిన. అందరు రాసుకున్నరు. ఒక పిల్లగాడు మాత్రం లేచి, “సార్, ‘మి’ అంటే ‘నన్ను’ అన్నరు గద. మరి ‘విత్ మి’ అంటే ‘నన్నుతో’ కావాలె. ‘నాతో’ ఎట్లయితది? ‘నాతో’ అంటే ‘విత్ మై’ అయితది” అన్నడు. వాని నోట్సుల కూడ ‘కమ్ విత్ మై’ అనే ఉంది. “అట్ల అనరు, కూసో” అంటే కూసున్నడు గాని మొఖం చూస్తే ఒప్పుకున్నట్టు లేదు. వాడు అడిగిన దాంట్ల తప్పేం కనవడ్తలేదు. ‘నన్ను’ ఏడ ఆగుతది, ‘నా’ ఏడ మొదలైతది? పదకొండేండ్ల పిల్లగానికి అర్థమయ్యేటట్టు ఎవరన్న చెప్పండి.

మూసీ గట్టు:
ఇందుల ఏమున్నది సార్. ‘నాతో’ అంటే ‘నా యొక్క తోడు’. నడుమ ‘యొక్క’ రాలిపోయింది. నాకు, నాలో, నా మీద, అన్నీ గంతే. ఇంగ్లిష్‌ల ప్రిపొజిషన్ తర్వాత కర్మ వస్తది, మనకేమో విభక్తి ముంగట షష్ఠి వస్తది. పిల్లగాడు రాసిన ‘విత్ మై’ మన లెక్క ప్రకారం కరెక్టే, వాళ్ళ లెక్క ప్రకారం తప్పు. అంతకు మించి లేదు.

అచ్చంపేట అక్క:
సర్వనామాల మాట వచ్చింది గాబట్టి అడుగుతున్న. మా బాబు పరీక్షల ‘వానికి’ అని రాస్తే టీచర్ ఎర్రపెన్నుతో ‘వాడికి’ అని దిద్దింది. ‘వానికి’ అంటే పల్లెటూరి భాష అన్నదట. మరి ఇంట్ల మేమందరం ‘వానికి’, ‘వాని తోని’, ‘వాని తాన’ అనే అంటం. మేం మాట్లాడేది తప్పా?

మూసీ గట్టు:
అక్కా, ఇక్కడ అడిగింది అది కాదు.

పాలమూరు పంతులు:
అదే ప్రశ్న తమ్మీ, ఇంకో గుమ్మం నుంచి లోపలికి వచ్చింది. అక్కకు తర్వాత చెప్తా. ముందు మీ ‘యొక్క’ సంగతి.

సగం మీరు చెప్పింది నిజమే. విభక్తి ముందు వచ్చే రూపం, సంబంధం చెప్పే రూపం మన దగ్గర ఒకటే. కాని ‘యొక్క’ రాలిపోయిందనడమే తిరగేసిన మాట. మన ఊళ్ళల్ల ‘నా యొక్క బర్రె ఈనింది’ అని ఎవరన్న అంటరా? ‘నా బర్రె’ అంటరు. ‘యొక్క’ అనేది రాతల్లో బయటి నుంచి అతికించింది, లోపల నుంచి రాలింది కాదు.

ఇల్లు అనే మాట తీసుకోండి. ఇంటి తలుపు, ఇంటికి, ఇంటి మీద, ఇంటి నుంచి. ‘ఇంట్లో’ కూడా ‘ఇంటిలో’నే. ‘ఇంటి’ అని ఒక్క మాట అని ఊరుకుంటే వినేటోడు ‘ఊఁ, ఇంటి?’ అని అడుగుతడు. అది ఒంటరిగా నిలబడదు, వెనక ఒకటి కావాలె. వెనక తలుపు వస్తే సంబంధం. ‘కి’ వస్తే ఇంకో అర్థం. చిన్నయసూరి ఇ, టి, తి అనే వర్ణాలను ఔపవిభక్తికాలు అన్నది ఇలాంటి చోటనే. ఊరు ఊరి అయితది, ఇల్లు ఇంటి అయితది, నుయ్యి నూతి అయితది. సర్వనామాల్లో నేను ‘నా’ అయితది, మేము ‘మా’, వాడు ‘వాని’, వాళ్ళు ‘వాళ్ళ’. ‘నా’ అంటే ‘మై’ అని పిల్లగానికి నేర్పినం గాని, అసలు అది ‘నేను’కు పని బట్టలు. ఏ ప్రత్యయం దగ్గరికి పోవాలన్నా అవి వేసుకునే పోవాలె.

దేవరకొండ ట్యూషన్:
ఇది చెప్తే వాడు వెంటనే అడుగుతడు సార్: మరి ‘నన్ను’ ఎందుకు ‘నాను’ కాలేదు?

పాలమూరు పంతులు:
అసలు ముడి అక్కడనే ఉంది. ‘నన్ను’తో కాకుండ ‘వాడు’తో మొదలుపెట్టి చూపియ్యండి. వాని + తో, వాని + కి, వాని + ని. ఈ చివరిదే నోట్లో ‘వాన్ని’ అయింది. ‘అది’ కూడ ఇట్లనే: దానితో, దానికి, దానిని, దాన్ని. అంటే ‘వాన్ని’ అనే మాటలో ద్వితీయ ప్రత్యయం ముందే కూసొని ఉంది. దాని మీద మళ్ళీ ‘తో’ పెడితే ‘వాన్నితో’ అయితది. ఆ పిల్లగాని తోటి గట్టిగ అనిపించండి. వాడే నవ్వుతడు.

‘నన్ను’ కూడ అంతే, దాంట్లో ప్రత్యయం అయిపోయింది. కాకుంటే అక్కడ అతుకు కనపడదు. ఎందుకంటే ద్వితీయ ముందు ‘నా’ కాకుండ ‘నన్’ అనే పొట్టి రూపం ఉంది. నన్ + ను. నీవుకు ‘నిన్’, తానుకు ‘తన్’, పాత పద్యాల్ల ‘తన్ను’ అని వస్తది గద. కన్నడం పక్క రాష్ట్రమే, మక్తల్, నారాయణపేట వాళ్ళకు తెలుసు: అక్కడ నాను అంటే నేను, ‘నన్న’ అంటే నా. వాళ్ళు ఆ ‘నన్న’నే దాదాపు అన్ని చోట్ల వాడుతరు. మనకు అది ద్వితీయలో మిగిలింది, మిగతా చోట్ల ‘నా’ నిలబడింది.

మమ్మల్ని సంగతి ఇంకా విచిత్రం. పాత రూపం ‘మమ్ము’. ‘మేము’లోనే బహువచనం ఉంది. అయినా జనానికి చాలలేదు, చెట్లను, పిల్లలను అన్నట్టు ‘ల’ ఒకటి పెట్టి ‘మమ్ములను’ చేసిన్రు. అది అరిగి మమ్మల్ని అయింది. మన దిక్కు ‘మమ్ముల పిలువలే’ అంటం, చివరి ‘ను’ కూడ వదిలేసినం.

అచ్చంపేట అక్క:
అవును, ‘మిమ్ముల ఎవరు రమ్మన్నరు’ అంటం!

నల్గొండ డిగ్రీ:
సార్, మరి ఇంగ్లిష్‌ల గీ పని బట్టలు అస్సలు లేవా? హిమ్, హిజ్, దెమ్, దెయిర్, అన్నీ జంటలే ఉన్నయి.

పాలమూరు పంతులు:
ఒక్కటి ఉంది. హర్. ‘హర్ బుక్’ అంటరు, ‘విత్ హర్’ అంటరు. మన ‘నా’ లెక్కనే సంబంధానికి, ప్రిపొజిషన్‌కు ఒకే రూపం. పిల్లగాడు ‘ఆమెతో’ గురించి అడిగి ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు. ‘ఆమె’ మన దగ్గర ఇంకా సుఖం, ఆమె వచ్చింది, ఆమె ఇల్లు, ఆమెతో, ఎక్కడా మారదు.

కాని ‘హర్’ ద్వితీయ కూడా చేస్తది, ‘సా హర్’ అని. అక్కడ మనతో పోలిక తెగిపోతది. దానికి ఒక కథ ఉంది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లిష్‌లో వాన్ని అనడానికి ‘హినె’, వానికి అనడానికి ‘హిమ్’ వేరువేరుగా ఉండేవి. ఆమె దగ్గర సంబంధానికి, ‘ఆమెకు’ అనడానికి రెంటికీ ‘హిరె’ ఒకటే. తర్వాత ‘హినె’ పోయింది, దాని పని కూడ ‘హిమ్’ నెత్తిన పడ్డది. ‘మి’ కూడ అట్లనే రెండు పనులు చేస్తున్నది. ‘సా మి’ అంటే నన్ను, ‘గివ్ మి’ అంటే నాకు. అందుకే ‘మి అంటే నన్ను’ అని ఒక్క సమానం గుర్తు పెట్టి వదిలేస్తే ‘విత్ మి’ కాడ తంటా వస్తది. వాళ్ళ ఒక్క గడిలో మన రెండు మూడు గడులు ఉన్నయి.

ఇగ అక్కకు. వాడు అనేదానికి పాత విభక్తి రూపం ‘వాని’నే. రాముడు రామునికి, తమ్ముడు తమ్మునికి, వాడు వానికి. పాత పద్యాల్ల, వచనంలో అదే. ‘వాడి’, ‘రాముడి’ అనేటివి తర్వాత వచ్చినయి, ప్రథమలో ఉన్న ‘డు’ను చూసి, దాన్నే ‘డి’ చేసి అన్ని చోట్ల పెట్టుకున్నరు. ఇప్పుడు రాతలో రెండూ నడుస్తయి. ‘వాడికి’ రాస్తే తప్పు లేదు, ‘వానికి’ని దిద్దడంలో మాత్రం అర్థం లేదు.

అచ్చంపేట అక్క:
ఈ మాట ఆ టీచర్‌కు ఎట్ల చెప్పాలె సార్? పేపర్ తీస్కపోయి చూపిస్తే బాబు మీద పెట్టుకుంటదేమో.

నల్గొండ డిగ్రీ:
సార్ ‘అది’ ‘దాని’ ఎట్ల అయింది? ‘అ’ ఏడికి పోయింది?

పాలమూరు పంతులు:
ఎక్కడికీ పోలేదు, ‘ద’ దాటి అవతలికి వచ్చింది. తమిళంలో అదు, విభక్తి చేరేటప్పుడు ‘అదన్’. మన దగ్గర కూడ మొదట్ల అట్లాంటిదే ఉండాలె. నోట్లో ముందున్న ‘అ’ జరిగి ‘ద’ తర్వాతి అచ్చుతో కలిసి దీర్ఘమైంది: దాని. ఇదిలో ‘ఇ’ జరిగి దీని. ఏది దేని. అవి వాటి, ఇవి వీటి, ఏవి వేటి. ఒకటి కాదు రెండు కాదు, వరుస మొత్తం ఒకే దారిన నడిచింది. తమిళం ‘ఇరండు’ మనకు రెండు, వాళ్ళ ‘ఉరల్’ మన రోలు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఈ జరుగుడు మీద బాగా పనిచేసిన్రు. ‘అది’ పొట్టి మాట, జరిగే జాగ లేదు, అట్లనే ఉండిపోయింది.

దేవరకొండ ట్యూషన్:
నిన్న పిల్లగానికి ‘వాన్నితో’ చెప్పిన. ఇరగవడి నవ్విండు, నోట్సుల ‘విత్ మై’ వాడే కొట్టేసిండు. కాని ఇవ్వాళ ఇంకోటి తెచ్చిండు. వాళ్ళ తాత ‘నన్ను గురించి ఏమనుకున్నరు’ అంటడంట. ‘నన్ను’ల ప్రత్యయం అయిపోయిందన్నరు గద, మరి ‘గురించి’ ఎట్ల వచ్చింది అంటున్నడు.

మూసీ గట్టు:
‘నా గురించి’ అనాలె. తాత పొరపాటు.

పాలమూరు పంతులు:
తాతను ఏమనకండి. విభక్తుల పట్టిక మీరూ చదివి ఉంటరు: ని, ను, ల, కూర్చి, గురించి, ఇవి ద్వితీయ. ‘కూర్చి’, ‘గురించి’ ఒకప్పుడు క్రియలు. నన్ను చూసి, నన్ను దాటి అన్నట్టు క్రియ ముందు ‘నన్ను’ వస్తది. అవి క్రియలన్న సంగతి జనం మరిచినంక మీద, కింద, కోసం సరసన చేర్చి ‘నా గురించి’ అన్నరు. ఇప్పుడు అదే ఎక్కువ. తాతది పాతది, మీది కొత్తది. ‘బట్టి’ మాత్రం ఇంకా క్రియ వాసన వదల్లేదు. ‘దాన్ని బట్టి’ అంటరు గాని ‘దాని బట్టి’ అనరు.

మూసీ గట్టు:
అంటరు సార్. మా కాలేజి పిల్లలు ‘దాని బట్టి చూద్దాం’ అనంగ నేనే విన్న.

పాలమూరు పంతులు:
‘దాన్ని’ గబగబా అంటే అట్ల వినపడుతది. ‘నా బట్టి’ అన్నది ఎవరన్న విన్నరా? అక్కడ మోసం ఉండదు.

నల్గొండ డిగ్రీ:
హాస్టల్‌ల అడిగిన సార్. నలుగురు ‘నన్ను బట్టి’ అన్నరు. ఒకడు ‘నా బట్టి’ అన్నడు గాని, వాడు మందిని ఎదిరించనీకె అన్నడో నిజంగ అంటడో తెల్వదు.