తక్కువ బిట్ ముందొచ్చినా మూడుతో భాగింపు యంత్రం సరిగా పనిచేస్తుందా?

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర ఒక డిప్లొమా కళాశాలలో డిజిటల్ ల్యాబ్ చూసుకుంటున్నాను. ఒక్కొక్క బిట్‌గా వచ్చే సంఖ్య అంతవరకు మూడుతో భాగింపబడితే ఎల్ఈడీ వెలిగేలా, 0, 1, 2 శేషాలే స్థితులుగా ఒక మూర్ యంత్రం చేయించాను. పెద్ద బిట్ ముందు వస్తే, కొత్త బిట్ చేరినప్పుడు పాత విలువ రెట్టింపవుతుంది కనుక సూత్రం ఇది:

```
r <= (2*r + b) % 3;
```

21 అంటే 10101 పంపితే స్థితులు 1, 2, 2, 1, 0గా నడిచి, చివరి బిట్‌కు ఎల్ఈడీ వెలిగింది.

అయితే మా పిల్లలు ఇదే యంత్రానికి యూఆర్ట్ తీగను కలపాలనుకుంటున్నారు. అందులో చిన్న బిట్ ముందు వస్తుంది. 10ని ఆ వరుసలో, అంటే 0, 1, 0, 1గా పంపితే స్థితులు 0, 1, 2, 2 అయ్యాయి. అసలు విలువలు 0, 2, 2, 10 కాబట్టి శేషాలు 0, 2, 2, 1 కావాలి. స్థితి శేషంతో కలవడం లేదు, కానీ సున్నా మాత్రం సరిగ్గా సున్నా దగ్గరే వస్తోంది. మూడుతో భాగిస్తే 2కు, -1కు తేడా లేదు కనుక, వరుస తిరగేస్తే గుర్తు మాత్రమే మారుతుందని నా ఊహ. ఇది ఎంత పొడవు వరుసకైనా నిలుస్తుందా, దీనికి పిల్లలకు చెప్పదగిన రుజువు ఉందా?

ఇంకొక సందేహం: రీసెట్ కాగానే, ఒక్క బిట్ కూడా రాకముందే ఎల్ఈడీ వెలుగుతోంది. ఖాళీ వరుసను సున్నాగా ఒప్పుకోవాలా, లేక తొలి బిట్ కోసం నాలుగో స్థితి పెట్టడం మంచిదా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.