అంతరఖండంలో ‘అంతరం’ దేనికి? ఒక ఫిజిక్స్ లెక్క దగ్గర వచ్చిన సందేహం

మారతహళ్లి అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ బెంగళూరులో సెకండ్ పీయూ, మా అక్క కొడుకు అనంతపురంలో తెలుగు మీడియం ఇంటర్. ఇద్దరూ ఫోన్లో ఒకే లెక్క చేస్తున్నారు. సోడియం మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు వస్తాయి. కాంతి పౌనఃపున్యం అడ్డంగా, ఆ ఎలక్ట్రాన్లను పూర్తిగా ఆపేసే వోల్టేజీ అయిన నిరోధక పొటెన్షియల్ నిలువుగా పెట్టి ఒక సరళరేఖ గీశారు. అడ్డగీతను అది 5.5 × 10¹⁴ హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. కిందికి చుక్కలతో పొడిగించిన గీత ఎడమ అంచున నిలువుగీతను −0.62 వోల్ట్ దగ్గర తాకుతుంది. ఎలక్ట్రాన్ లోహం నుంచి బయటపడటానికి కావాల్సిన కనీస శక్తి, అంటే పని ప్రమేయం, 0.62 ఎలక్ట్రాన్ వోల్ట్ అని మా పిల్ల రాసింది, జవాబు 2.28 అని ఉంది. అక్క కొడుకు పుస్తకంలో ‘అంతరఖండం’ అని ఉంది. అంతరం అంటే తేడా కదా, దేన్నుంచి ఏం తీసేయాలి?

కోలారు కుర్రాడు:
తీసివేత ఏమీ లేదక్కా. అంతరఖండం అంటే ఇంటర్‌సెప్ట్, గీత అక్షాన్ని కోసే చోటు. అడ్డగీత మీద ఉండేది స్టాపింగ్ పొటెన్షియల్, అదే మీరన్న నిరోధక పొటెన్షియల్. మా కాలేజీ లాబ్‌లో అలాగే చదివాం.

నెల్లూరు మాస్టారు:
బాబూ, నువ్వు చెప్పింది వేరే గ్రాఫు. కరెంటును వోల్టేజీకి ఎదురుగా గీస్తే, కరెంటు సున్నా అయ్యే చోటు నిరోధక పొటెన్షియల్. అక్కడ నీ మాట నిజమే. ఈ గ్రాఫులో అడ్డగీత మీద దొరికేది ఆరంభ పౌనఃపున్యం, అంటే ఎలక్ట్రాన్లు రావడానికి కావాల్సిన కనీస పౌనఃపున్యం. నిరోధక పొటెన్షియల్ అసలు అంతరఖండమే కాదు, అడిగిన పౌనఃపున్యం దగ్గర గీత ఎంత ఎత్తులో ఉందో అది.

అమ్మా, ఇక మీ మాటకు వస్తాను. ఇక్కడ ‘అంతర’ అంటే తేడా కాదు, ‘నడుమ’. ఖండం అంటే ముక్క. మూలబిందువుకూ గీత కోసిన చోటుకూ నడుమ ఉన్న ముక్క అంతరఖండం. మీ పాప గ్రాఫులో అడ్డగీత ఎక్కడ మొదలైందో ఒకసారి చూసి చెప్పండి.

మారతహళ్లి అమ్మ:
4 దగ్గర, మాస్టారూ! సున్నా లేనే లేదు.

నెల్లూరు మాస్టారు:
చిక్కంతా అదే. ఎడమ అంచున నిలబెట్టిన గీత సున్నా దగ్గర ఉన్న అక్షం కాదు, కాగితం మిగలాలని 4 దగ్గర గీసింది. అక్కడ దొరికింది అంతరఖండం కాదు. సమీకరణం ఇది:

V₀ = (h/e)ν − φ/e

ఇందులో V₀ నిరోధక పొటెన్షియల్, ν పౌనఃపున్యం, φ పని ప్రమేయం, h ప్లాంక్ స్థిరాంకం, e ఎలక్ట్రాన్ ఆవేశం. వాలు, అంటే h/e, 4.14 × 10⁻¹⁵ వోల్ట్ సెకను. సున్నా నుంచి 5.5 దాకా ఉన్న మొత్తం ముక్కను దీంతో గుణిస్తే 2.28. 4 నుంచి 5.5 దాకా ఉన్న 1.5 ముక్కనే గుణిస్తే 0.62. పాప తీసుకున్నది ఆ చిన్న ముక్కను. తప్పు పట్టడం తేలికే: పని ప్రమేయం 0.62 అయితే 1.5 × 10¹⁴ హెర్ట్జ్ దగ్గరే ఎలక్ట్రాన్లు రావాలి, అదే గ్రాఫు 5.5 కంటే తక్కువలో రావని చెబుతోంది. రెండు అంతరఖండాలూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి. 8 × 10¹⁴ దగ్గర నిరోధక పొటెన్షియల్ అడిగితే, 5.5కు పైన ఉన్న 2.5ను వాలుతో గుణించండి, దాదాపు 1.04 వోల్ట్.

అనువాదకురాలు:
మాస్టారూ, మీ వివరణతో ఆ పదం మీద గౌరవం పెరిగింది. ‘ఖండన బిందువు’ అంటే కోసిన చోటు మాత్రమే తెలుస్తుంది, ఎక్కడి నుంచి కొలవాలో తెలియదు. కానీ ‘ఆరంభ పౌనఃపున్యం’ నాకు నచ్చదు. మొదలు అన్నట్టుంది గానీ దాటాల్సిన హద్దు అన్నట్టు లేదు. ‘గడప పౌనఃపున్యం’ అందామా?

నెల్లూరు మాస్టారు:
గడప బాగుందమ్మా, దాటితేనే లోపలికి. కాకపోతే ఇక్కడ ఎలక్ట్రాన్ బయటికి వస్తుంది. పరీక్ష పేపరులో ఆరంభమనే ఉంటుంది కనుక పిల్లలకు రెండూ చెబుతాను.

కోలారు కుర్రాడు:
మాస్టారూ, ఒక సందేహం. మా లాబ్‌లో సున్నా నుంచే గీశాం. వాలు బాగానే వచ్చింది, పని ప్రమేయం మాత్రం కాథోడ్ లోహానికి పట్టికలో ఇచ్చిన విలువతో కలవలేదు. మా గీత తప్పా?

నెల్లూరు మాస్టారు:
గీత తప్పు కాకపోవచ్చు. కాథోడూ, ఎలక్ట్రాన్లను పట్టే పళ్లెమూ వేర్వేరు లోహాలైతే వాటి మధ్య స్పర్శ పొటెన్షియల్ అనే వోల్టేజీ తేడా ఉంటుంది. అది గీత మొత్తాన్నీ పైకో కిందికో జరుపుతుంది. వాలు మారదు, అంతరఖండాలు రెండూ మారతాయి. సరిదిద్దకుండా చదివితే నిజానికి వచ్చేది పళ్లెం పని ప్రమేయం. భౌతిక శాస్త్రవేత్త మిల్లికన్ 1916లో ప్రచురించిన కొలతల్లో కూడా దీన్ని విడిగా కొలిచి సరిచేశాడు. మీ ట్యూబులో పళ్లెం ఏ లోహమో కనుక్కో.

మారతహళ్లి అమ్మ:
పాప గ్రాఫును సున్నా నుంచి మళ్లీ గీస్తోంది మాస్టారూ. కాగితం చాలక కింద ఇంకోటి అతికించింది, చుక్కల గీత −2.28 దగ్గరికి వెళ్లిందట.