వీడియో కాల్ షార్ట్ ఫిల్మ్: కొడుకు నిజం చెప్పాలా, దాచాలా?

కావలి కుర్రోడు: ఏడు పేజీల స్క్రిప్టు, మొత్తం ఒకటే వీడియో కాల్. డల్లాస్‌లో ఇంజనీరు, ఉద్యోగం పోయి మూడు వారాలు, కావలి దగ్గర రొయ్యల చెరువులు చేసే నాయనకీ అమ్మకీ తెలీదు. రెండు వైపులా రాత్రి సీన్. ఆఖర్లో వాడు చెప్పెయ్యాలా, చెప్పకుండానే కాల్ అయిపోవాలా? మా టీం రెండుగా చీలిపోయింది.

ఎడిటింగ్ టేబుల్: ముందు టైం చూడు తమ్ముడూ. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, కావలిలో బుధవారం రాత్రి 9 అయితే అక్కడ పొద్దున 10:30, అంటే వాడు ఆఫీసులో ఉండాల్సిన టైం. రెండు వైపులా రాత్రి పెట్టి చేతికొచ్చిన సీను పారేసుకుంటున్నావు. వాడి వెనక కిటికీలో ఎండ పడుతుంటది, నాయన మామూలుగా "ఏందబ్బయా, ఈరోజు సెలవా" అంటాడు, "ఇంటి నుంచే పని నాయనా" అంటాడు వీడు, "నిన్న గూడా అదే అంటివే" అని ఆయన ఊరుకుంటాడు. ఆయనకి తెలిసిపోయింది, చూసేవాళ్ళకీ తెలిసింది, ఇంక నోటితో చెప్పించి ఏం చేస్తావ్? నా ఓటు చెప్పకపోవడానికే.

ఒంగోలు సీను: చెప్పాల్సిందే. హెచ్1బీ అయితే 60 రోజుల్లో ఇండియాకి వచ్చెయ్యాలి గదా, ఎన్నాళ్ళు దాస్తాడు.

టెక్సాస్ బావ: 60 రోజులు కరెక్టే గానీ వచ్చెయ్యాల్సిందే అని రూలేం లేదు, ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేసినా, స్టేటస్ మార్చమని అప్లై చేసినా ఆగొచ్చు. అమెరికాలో ఉండనిచ్చే ఐ-94 గడువు ముందే అయిపోతే మాత్రం 60 కూడా దొరకవు. కథలో ఇంకా 39 రోజులుండాయి, అందుకే వాడు దాస్తాడు, రేపో ఎల్లుండో ఆఫర్ రాదా అని. ఆశ లేనోడైతే మొదటి రోజే చెప్పేసేవాడు.

పద్మక్క: మా వాడు మెల్‌బోర్న్‌లో ఉండాడు, ఫోన్ చేస్తే నాకు వాడి నుదురే కనపడద్ది. అన్నం తిన్నావా అంటే తిన్నా అంటాడు, మొహం చూస్తే తిన్నట్టు ఉండదు. సినిమా ఎప్పుడొస్తది, లింకు పెట్టండి.

ఎడిటింగ్ టేబుల్: అక్కా, ఇంకా తియ్యలేదు. తమ్ముడూ, కాల్‌ని చెరువు గట్టు మీద షెడ్లోకి మార్చు, వెనకాల ఏరేటర్ల మోత. వీడు "నాయనా, ఒక మాట" అన్నప్పుడే కరెంటు పోయి మోత ఆగిపోవాలి. రాత్రిపూట ఏరేటర్లు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోద్ది, రొయ్య పైకి తేలద్ది, ఆయన జనరేటర్ దగ్గరికి పరిగెత్తక తప్పదు. ఫోన్ బల్ల మీదే ఉంటది, వాడు ఖాళీ షెడ్డుని చూస్తూ ఉంటాడు.

ఒంగోలు సీను: అన్నా, సరిగ్గా అప్పుడే కరెంటు పోవడం అంటే రచయిత తప్పించుకున్నట్టే. పోతే మొదట్లో ఒకసారి పోనీ, జనరేటర్ వేసి వచ్చి ఆయన మళ్ళీ కూర్చోనీ, "ఏందో అంటివే" అని అడగనీ. అప్పుడు వాడేం చేస్తాడో చూపించు, అదీ సీను.

కావలి కుర్రోడు: ఆయన తిరిగొచ్చి అడిగితే మాత్రం ఇప్పుడున్న నా డైలాగ్ నిలబడదు, అబద్ధం చెప్పినా నిజం చెప్పినా ఆ పేజీ మొత్తం మళ్ళీ రాయాలి. అమ్మ ఆ టైంలో ఎక్కడుంటది? షెడ్లో అయితే ఉండదు గదా.